వార్షిక నివేదిక అనువాదానికి చిన్న పదపట్టిక: వర్డ్, షీట్, ఒమేగా‌టీలలో దేన్ని ఎంచుకోవాలి?

కంపెనీ వార్షిక నివేదికలో పేరు మారితే అంకె కూడా మారినట్టే లెక్క. టర్నోవర్, కార్యకలాపాల నుంచి ఆదాయం, మొత్తం ఆదాయం అని మూడు మాటలు కనిపిస్తే పాఠకుడు మూడు వేర్వేరు మొత్తాల కోసం వెతుకుతాడు. అలా వెతకడంలో తప్పేమీ లేదు. మొత్తం ఆదాయంలో ఇతర ఆదాయం కూడా కలుస్తుంది కాబట్టి అది నిజంగానే వేరే అంకె. చిక్కల్లా ఒకే అంకెకు మూడు పేర్లు పడినప్పుడు వస్తుంది. ఛైర్మన్ లేఖలో 'నికర లాభం', డైరెక్టర్ల నివేదికలో 'పన్ను తర్వాత లాభం', నోట్సులో 'పన్ను అనంతర లాభం' అని ఉందంటే, ముగ్గురు అనువాదకులు ఎవరి దారిన వాళ్లు పనిచేశారని అర్థం. సభ్యుడికి ఆ సంగతి తెలియదు కదా. సర్వసభ్య సమావేశంలో లేచి "ఈ మూడింట్లో అసలు లాభం ఏదండీ?" అని అడుగుతాడు.

దీనికి విరుగుడు చిన్న ద్విభాషా పదపట్టిక. దాన్ని ఎలా కట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నదానికి మూడు నాలుగు దారులున్నాయి. పోల్చి చూడటానికి ఒక ఊహా ఉదాహరణ పెట్టుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పాల ఉత్పత్తిదారుల కంపెనీ. నూట యాభై పేజీల ఇంగ్లిష్ నివేదిక. సభ్యులంతా పాలు పోసే రైతులు కాబట్టి తెలుగు ప్రతి కూడా కావాలి. ముగ్గురు అనువాదకులు, ఒక సమన్వయకర్త, చివర్లో డీటీపీ.

ముందు ఏ పదాలు ఎక్కించాలో తేల్చుకోవాలి

సాధనం గురించి తర్వాత చూద్దాం. పట్టిక పనికొస్తుందా లేదా అన్నది అందులో ఏం ఎక్కించారన్న దాన్ని బట్టే ఉంటుంది. నివేదికను మొదటి పేజీ నుంచి చదువుతూ తెలియని ప్రతి మాటా రాసుకుంటూ పోతే అయిదారు వందల పదాల జాబితా తయారవుతుంది, దాన్ని ఎవరూ తెరిచి చూడరు. ఎనభై, మహా అయితే నూట ఇరవై పదాల దగ్గర ఆపితే జనం వాడతారు.

నా సలహా వెనక నుంచి మొదలుపెట్టమని. బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతాలోని పద్దుల పేర్లు ముందు తీసుకోండి. వీటి రూపం కంపెనీల చట్టం 2013లోని మూడో షెడ్యూల్‌లో ఉంటుంది, కాబట్టి ఏటా పెద్దగా మారవు. ముందు పేజీల్లోని లేఖలు, సమీక్షలు అన్నీ ఈ పద్దుల గురించే మాట్లాడతాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పెద్ద లిస్టెడ్ కంపెనీకి చేసిన పట్టికను తెచ్చి యథాతథంగా అతికించకండి. ఇండ్-ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే కంపెనీల షీటులో 'అదర్ ఈక్విటీ' ఉన్న చోట, పాత అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే కంపెనీల్లో 'రిజర్వ్స్ అండ్ సర్‌ప్లస్' ఉంటుంది. అరువు తెచ్చిన పట్టికలో మీకు కావాల్సిన పద్దు ఉండదు, అక్కర్లేనివి ఉంటాయి.

రెండో విడతలో చట్టం నిర్వచించిన మాటలు రావాలి. ఉత్పత్తిదారుల కంపెనీలకు కంపెనీల చట్టంలో 2020 సవరణతో చేరిన ప్రత్యేక అధ్యాయం ఉంది. పాట్రనేజ్ బోనస్, లిమిటెడ్ రిటర్న్, విత్‌హెల్డ్ ప్రైస్ అనే మూడింటినీ అది విడివిడిగా నిర్వచిస్తుంది. రైతు వైపు నుంచి చూస్తే మూడూ చేతికొచ్చే డబ్బే. కానీ మొదటిది కంపెనీ మిగులులోంచి, సభ్యుడు కంపెనీతో చేసిన వ్యాపారానికి తగ్గట్టు ఇచ్చేది. రెండోది నియమావళి పెట్టిన గరిష్ఠ పరిమితికి లోబడి వాటాలపై వచ్చే డివిడెండ్. మూడోది పోసిన పాలకు రావాల్సిన ధరలోనే కొంత ఆపి తర్వాత చెల్లించేది. మూడింటినీ 'బోనస్' అనే ఒక్క మాటలో కలిపేస్తే, తనకు హక్కుగా రావాల్సిన ధరను కంపెనీ దయతో ఇచ్చినట్టు రైతుకు అర్థమవుతుంది. పట్టికలో అన్నిటికంటే ముందు తేల్చాల్సిన మాటలు ఇవే.

మూడో విడత రెండు ముఖాల పదాలు. ఇవి చూడ్డానికి తేలిగ్గా ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టికలో పెట్టరు, తప్పులు కూడా ఇక్కడే పడతాయి. ఆడిటర్ రాసే 'క్వాలిఫైడ్ ఒపీనియన్' అంటే అభ్యంతరంతో కూడిన అభిప్రాయం. 'అర్హత గల అభిప్రాయం' అని రాస్తే విమర్శ కాస్తా మెప్పు అయి కూర్చుంటుంది. 'ఇంట్రెస్ట్' ఒక చోట వడ్డీ, ఇంకో చోట డైరెక్టరుకు ఒప్పందంలో ఉన్న ప్రయోజనం. 'ప్రొవిజన్' లెక్కల్లో ఒక అర్థం, చట్టం గురించి చెప్పేటప్పుడు నిబంధన అనే అర్థం. ఇలాంటి పదానికి ఒక్కో అర్థానికి ఒక్కో వరుస కేటాయించి, పక్కన ఎక్కడ వస్తుందో రాయాలి.

తెలుగు మాట ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ఇక్కడ మూడు మూలాలు పోటీ పడతాయి: నిఘంటువులూ పారిభాషిక పదకోశాలూ, కంపెనీ పాత పత్రాలు, సభ్యుల నోట్లో నలిగే మాటలు.

తెలుగు అకాడమీ వాణిజ్యశాస్త్ర పుస్తకాల్లో, ఆంధ్రభారతి వెబ్‌సైటులో కలిపి పెట్టిన నిఘంటువుల్లో దాదాపు ప్రతి మాటకూ ఏదో ఒక తెలుగు దొరుకుతుంది. బీకాం తెలుగు మీడియంలో చదివిన వాళ్లకు అవి పరిచయమే. తరుగుదల, ఋణదాతలు లాంటివి హాయిగా వాడుకోవచ్చు. అయితే నిఘంటువు ఒక మాటకు నాలుగు అర్థాలిస్తుంది, వాటిలో ఏది తీసుకోవాలో చెప్పదు. పాత పత్రాల బలం అక్కడే తెలుస్తుంది. గత ఏడాది తెలుగు నివేదిక, సభ్యత్వ దరఖాస్తు, పాల చెల్లింపు స్లిప్పు, సమావేశ నోటీసు, వీటిలో ఒక మాట ముందే స్థిరపడి ఉంటే, అది తప్పయితే తప్ప మార్చకండి. మీకు అంతకంటే అందమైన మాట తోచినా సరే మార్చొద్దు. నిరుటి లాభాన్ని ఈ ఏటి లాభంతో పోల్చి చూసేవాడికి పేరు అదే ఉండాలి.

పాత పత్రాలు ఏమీ లేకపోతే? అప్పుడు నేను సభ్యుల వాడుక వైపు మొగ్గుతాను, కానీ ఒక షరతు మీద. ఆ వాడుక మాట మరో చట్టబద్ధమైన పద్దుతో కలిసిపోకూడదు. పాట్రనేజ్ బోనస్‌ను మొదటిసారి 'పాట్రనేజ్ బోనస్, అంటే పోసిన పాలను బట్టి ఇచ్చే బోనస్' అని వివరించి, ఆ తర్వాత అంతటా పాట్రనేజ్ బోనస్ అనే ఉంచడం మంచిది. విత్‌హెల్డ్ ప్రైస్‌కు 'నిలిపి ఉంచిన ధర' చక్కగా సరిపోతుంది, విన్న వెంటనే తెలుస్తుంది. లిమిటెడ్ రిటర్న్‌ను 'పరిమిత రాబడి' అంటే బాగానే ఉందనిపిస్తుంది గానీ, అదే నివేదికలో రెవెన్యూకు ఎవరో 'రాబడి' అని రాసి ఉంటే చిక్కే. అందుకే 'పరిమిత ప్రతిఫలం' మేలు.

అన్నిటికీ సంస్కృత పదాలే అనే పట్టుదల గానీ, అన్నీ ఇంగ్లిషే అనే ధోరణి గానీ అక్కర్లేదు. కానీ అరువు మాట తీసుకుంటే దాని వర్ణక్రమం కూడా పట్టికలోనే తేల్చాలి. డైరెక్టర్, డైరెక్టరు, షేర్, షేరు, బోర్డ్, బోర్డు: వీటిలో ఏది రాసినా అర్థం మారదు గానీ, తర్వాత వెతికేటప్పుడు ప్రాణం తీస్తాయి. అజంతంగా, అంటే చివర ఉకారంతో రాయడం నాకిష్టం. దానికి కారణం సౌందర్యం కాదు. 'బోర్డ్' అని రాస్తే విభక్తి చేర్చినప్పుడు 'బోర్డ్‌లో' అవుతుంది, ఆ మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం టైపు చేయాల్సి వస్తుంది. ఒకరు చేస్తారు, ఒకరు చేయరు. 'బోర్డులో' అంటే ఆ తలనొప్పే లేదు.

ఎక్కడ పెట్టాలి: వర్డ్ టేబుల్, షీట్, ఒమేగా‌టీ

వర్డ్‌లో రెండు నిలువు వరుసల టేబుల్ అందరికీ చేతనవుతుంది. అనువాదకుడు ఒక్కడే అయి, నివేదిక ముప్పై నలభై పేజీలు దాటకపోతే ఇది చాలు. ప్రింటు తీసి పక్కన పెట్టుకోవచ్చు. ఇద్దరు చేరిన రోజు నుంచే ఇది పనికిరాదు. ఈమెయిల్లో తిరుగుతూ మూడు నాలుగు ప్రతులుగా చీలిపోతుంది, ఎవరి దగ్గర ఉన్నది తాజాదో తేలదు.

గూగుల్ షీట్ ఆ గొడవ తీరుస్తుంది. ఒకే ప్రతి ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రలో కనిపిస్తుంది. దీన్ని వాడేటప్పుడు మార్చే హక్కు సమన్వయకర్తకు మాత్రమే ఇచ్చి, అనువాదకులకు కామెంట్ పెట్టే హక్కు ఇవ్వండి. అందరికీ మార్చే హక్కు ఉంటే రాత్రికి రాత్రి మాట మారిపోతుంది, పొద్దున ఎవరికీ ఎందుకో తెలియదు. షీట్ బలహీనత ఒక్కటే గానీ పెద్దదే: అది నోరు విప్పదు. అనువాదకుడు 'ప్రొవిజన్' దగ్గరికొచ్చినప్పుడు 'ఇది పట్టికలో ఉంది చూడు' అని చెప్పేవాళ్లెవరూ ఉండరు. తనకు తెలుసనుకున్న మాట కోసం ఎవరూ పట్టిక తెరవరు. రెండు ముఖాల పదాలు జారిపోయేది అక్కడే.

ఒమేగా‌టీ ఆ పని చేస్తుంది. ఇది ఉచితంగా దొరికే అనువాద సాఫ్ట్‌వేర్. ప్రాజెక్టు ఫోల్డర్‌లో `glossary` అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో మామూలు టెక్స్ట్ ఫైలు పెడితే చాలు. వరుసకు ఒక పదం: ఇంగ్లిష్, ట్యాబ్, తెలుగు, ట్యాబ్, వ్యాఖ్య. యూటీఎఫ్-8లో భద్రపరచాలి. వాక్యం తెరవగానే అందులో పట్టికలో ఉన్న మాటలేవో పక్క కిటికీలో వచ్చేస్తాయి, మీరు అడగక్కర్లేదు. ఒకే ఇంగ్లిష్ మాటకు రెండు వరుసలుంటే రెండూ చూపిస్తుంది, వ్యాఖ్య చదివి ఏది కావాలో తేల్చుకోవచ్చు.

```
provision	ప్రొవిజన్	లెక్కల్లో
provision	నిబంధన	చట్టం గురించి
allotment	షేర్ల కేటాయింపు	షేరు మూలధనం నోటు
```

ఇబ్బందులు లేకపోలేదు. నివేదిక వర్డ్ ఫైలుగా రావాలి. డిజైనర్ చేసిన పీడీఎఫ్ తప్ప ఇంకేం లేదంటే ముందు దాన్ని శుభ్రమైన వర్డ్ ఫైలుగా మార్చుకునేందుకే సమయం పోతుంది. ముగ్గురూ ఒకే ప్రాజెక్టులో కలిసి పనిచేయాలంటే అందరి మార్పుల్నీ ఒక్క చోట కలిపే గిట్ లాంటి ఏర్పాటు కావాలి, దానికి అలవాటు లేని జట్టుకు గడువు ముందు అదొక టెన్షన్. మెమోక్యూ, ట్రాడోస్ లాంటి కొనుక్కునే సాధనాలు ఈ పంపకాన్ని సులువు చేస్తాయి. కానీ ఏడాదికి ఒక్క నివేదిక కోసం కొనమని నేను చెప్పను. వాటిని ఇప్పటికే వాడుతున్న ఏజెన్సీకి పని ఇస్తుంటే, పట్టికను వాళ్ల రూపంలోనే అడిగి తీసుకోండి.

మన ఉదాహరణలోని జట్టుకు నా ఓటు రెండూ కలిపి వాడటానికి. అసలు పట్టిక షీట్‌లో ఉంటుంది, నిర్ణయాలు, వాదనలు అక్కడే జరుగుతాయి. మొదటి మూడు నిలువు వరుసల్ని ఇంగ్లిష్, తెలుగు, వ్యాఖ్య అనే క్రమంలోనే ఉంచితే, రోజూ ఉదయం షీట్‌ను ట్యాబ్‌లతో విడగొట్టిన ఫైలుగా దించుకుని, `.txt` అని పేరు మార్చి ముగ్గురూ తమ తమ ఒమేగా‌టీ ఫోల్డర్లో వేసుకుంటారు. గిట్ అక్కర్లేదు. ముగ్గురిలో ఒకరు ఒమేగా‌టీ వాడనంటే, ఆయనకు ఆడిటర్ నివేదిక, నోట్సు ఇవ్వకుండా ఛైర్మన్ లేఖ, కార్యక్రమాల ఫొటోల వ్యాఖ్యలు ఇవ్వడం తెలివైన పని.

'కేటాయింపు' ఎన్ని పనులు చేస్తుంది?

పట్టికను అందరూ ఇంగ్లిష్ వైపు నుంచే చూస్తారు. ఒక ఇంగ్లిష్ మాటకు ఒకే తెలుగు మాట ఉంటే పని అయిపోయిందనుకుంటారు. తెలుగు వైపు నుంచి చూస్తే వేరే కథ కనిపిస్తుంది. ముగ్గురూ పంపిన పదాల్ని షీట్‌లో చేర్చి తెలుగు వరుసను అక్షరక్రమంలో పేరిస్తే 'కేటాయింపు' ఇలా తేలిందనుకోండి: ప్రొవిజన్ అంటే కేటాయింపు, షేర్ల అలాట్‌మెంట్ అంటే కేటాయింపు, లాభాల అప్రోప్రియేషన్ అంటే కేటాయింపు, సామాజిక కార్యక్రమాలకు నిధుల అలొకేషన్ కూడా కేటాయింపే. నాలుగింటికీ విడివిడిగా చూస్తే తప్పు లేదు, దినపత్రికల్లో కూడా ఇలాగే వస్తుంది. కానీ ఒకే పుస్తకంలో 'ఈ ఏడాది కేటాయింపులు పెరిగాయి' అని రాస్తే, పెరిగింది ఖర్చుగా చూపిన మొత్తమా, సభ్యులకిచ్చిన షేర్లా అన్నది తెలియదు.

దీన్ని తేల్చే పద్ధతి ఏమిటంటే, ఆ నాలుగింటిలో ఏ మాటకు 'కేటాయింపు' వదిలేసినా మరో దారి ఉందో చూడాలి. లాభాల అప్రోప్రియేషన్‌ను 'లాభాల వినియోగం' అనొచ్చు. నిధుల అలొకేషన్‌కు ప్రత్యేకమైన మాటే అక్కర్లేదు, 'ఇంత ఖర్చు చేయాలని బోర్డు నిర్ణయించింది' అని వాక్యం మారిస్తే సరిపోతుంది. మిగిలినవి రెండు. షేర్ల విషయంలో 'కేటాయింపు' సభ్యులకు పంపిన లేఖల్లోనే ఉంటే దాన్ని కదపకండి. ఇక ప్రొవిజన్‌ను ప్రొవిజన్ గానే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు 'రాబోయే ఖర్చు లేదా నష్టం కోసం ముందే లెక్కలో చూపిన మొత్తం' అని ఒక్క వాక్యం చేర్చండి. 'షార్ట్-టర్మ్ ప్రొవిజన్స్' అనే పద్దు 'స్వల్పకాలిక ప్రొవిజన్లు' అవుతుంది. ఇది కంటికి అంత ఇంపుగా ఉండదు, నిజమే. కానీ ఏ అంకె గురించి మాట్లాడుతున్నారో తెలుస్తుంది.

షీట్‌లో ఈ ఢీకొట్టుళ్లను పట్టుకోవడానికి నాలుగో నిలువు వరుసలో మాట మూలాన్ని, అంటే ఏ విభక్తి చేరినా మారని ముక్కను రాసి, పక్కన ఈ సూత్రం పెట్టండి:

```
=COUNTIF(B$2:B$121,"*"&D2&"*")
```

ఒకటి కంటే ఎక్కువ వచ్చిన ప్రతి వరుసా ఆగి చూడాల్సిందే. అన్నీ తప్పులు కావు. 'లాభ' అనే మూలం నికర లాభంలోనూ, స్థూల లాభంలోనూ ఉంటుంది, ఉండాలి కూడా. 'కేటాయిం' నాలుగు చోట్ల కనిపిస్తే మాత్రం కూర్చుని మాట్లాడుకోవాలి.

తెలుగులో సరిచూడటం ఎందుకు కష్టం

ఇంగ్లిష్ కోసం తయారైన తనిఖీ పరికరాలు, పట్టికలో ఉన్న మాట అనువాదంలో అదే రూపంలో ఉందా అని చూస్తాయి. తెలుగులో లాభం అని పట్టికలో ఉంటుంది, వాక్యంలో లాభాన్ని, లాభాలు, లాభానికి అని వస్తుంది. పరికరం వరసగా తప్పులు చూపిస్తుంది, అందులో నిజం తప్పు మునిగిపోతుంది. పది నిమిషాల్లో విసుగొచ్చి అందరూ దాన్ని మూసేస్తారు. కాబట్టి ఈ ఒక్క అంశం చూసి సాధనం కొనకండి.

మూలంతో వెతకడమే నమ్మకమైన దారి. 'షేరు' అని వెతికితే 'షేర్లు' దొరకదు. 'షేర' అని వెతికితే రెండూ దొరుకుతాయి, ఎందుకంటే కంప్యూటర్ లోపల ఉకారం, పొల్లు రెండూ 'ర' తర్వాత వచ్చే విడి గుర్తులే. ఇలాగే 'ఆస్త' అంటే ఆస్తి, ఆస్తులు, ఆస్తుల అన్నీ వస్తాయి. మీరు వాడే ఎడిటర్లో ఇది పనిచేస్తుందో లేదో ముందు ఒక పేజీ మీద ప్రయత్నించి చూసుకోండి.

దానికంటే ఎక్కువ ఫలితమిచ్చేది షీట్‌లో ఆరో నిలువు వరుస: వాడకూడని మాటలు. నికర లాభం వరుసలో 'పన్ను అనంతర', 'నిఖర' అని రాసి ఉంచండి. ఒప్పుల్ని లెక్కపెట్టడం కంటే నిషిద్ధ మాటల్ని వెతకడం చాలా తేలిక. ఒక్కటి దొరికినా అది సరిదిద్దాల్సిందేనని అప్పటికప్పుడు తెలిసిపోతుంది. ఈ వరుసను ముందే ఊహించి నింపలేరు. ముగ్గురి మొదటి పది పేజీలూ వచ్చాక పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు వాటంతటవే బయటపడతాయి, అవే ఎక్కించండి.

ఇందాక చెప్పిన కనపడని అక్షరం సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. అది ఒకరి ఫైలులో ఉండి ఇంకొకరి ఫైలులో లేకపోతే, చూపుకు ఒకేలా ఉన్న మాటలు కూడా వెతుకులాటలో దొరక్కపోవచ్చు. పట్టికలోకి అది అనవసరంగా దూరిందేమో ఇలా తెలుస్తుంది:

```
=LEN(B2)-LEN(SUBSTITUTE(B2,UNICHAR(8204),""))
```

సున్నా వస్తే లేనట్టు. 'అలాట్‌మెంట్' లాంటి మాటలో అది అవసరమే, కాబట్టి తీసేయకండి. అలాంటి మాటల్ని అందరూ పట్టికలోంచి కాపీ చేసుకోవాలని నియమం పెట్టుకోండి.

ఎప్పుడు తాళం వేయాలి

పని మధ్యలో మాట మార్చాల్సి రావడం సహజం. మార్చే ప్రతిసారీ షీట్‌లో పాత మాటను నిషిద్ధ వరుసలోకి నెట్టండి. అప్పుడు అప్పటికే అయిపోయిన పేజీల్లో దాన్ని వెతికి మార్చడం మర్చిపోరు. మూడొంతుల్లో రెండొంతులు పూర్తయ్యాక మాత్రం అర్థం తప్పయితే తప్ప ఏదీ మార్చకూడదు. ఆ దశలో 'ఇంకా బాగుంటుంది' అనేది కారణమే కాదు.

చివరి గడువు మీరు అనుకునే చోట ఉండదు. అచ్చుకు వెళ్లే రోజు కాదది, డీటీపీకి ఫైలు ఇచ్చే రోజు. మన దగ్గర చాలా డీటీపీ కేంద్రాలు ఇప్పటికీ యూనికోడ్ పాఠాన్ని యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతాయి. మార్చిన తర్వాత ఆ ఫైలులో, దాంట్లోంచి వచ్చిన పీడీఎఫ్‌లో మామూలు తెలుగు అక్షరాలతో వెతికితే ఏమీ దొరకదు. నిషిద్ధ మాటల వేట అంతా ఆ మార్పిడికి ముందే పూర్తికావాలి. ముందుగానే డీటీపీ వాళ్లను యూనికోడ్ ఫాంటుతోనే ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టగలరా అని అడగండి. కట్టగలిగితే ప్రూఫు దశలో కూడా వెతకొచ్చు. కుదరదంటే ప్రూఫు మీద ఎర్ర సిరాతో దిద్దిన ప్రతి మాటనూ మీ వర్డ్ ఫైలులో, షీట్‌లో కూడా అదే రోజు దిద్దుకోండి. వచ్చే ఏడాది అనువాదకుడు తెరిచేది ఆ ఫైళ్లనే.